రాయకుండా వదిలేసిన మూడు మాటలు

మా ముత్తాతకు తాత కర్నూలు నవాబుల దగ్గర ఖాజీ. ఆయన కొడుకు, మనవడు, మునిమనవడు కూడా ఖాజీలే. కోటలో దర్బారు జరిగితే నవాబుకు కుడివైపు మూడో ఆసనం మాది. కందనవోలు చుట్టుపక్కల ఏ ఇంట్లో ఆస్తి పంచుకున్నా, పెళ్లి కుదిరినా, పెటాకులైనా, మా వాళ్ల ముద్ర పడనిదే ఆ పని పూర్తయ్యేది కాదు. కుంపిణీ వాళ్లు నవాబును దించి జిల్లాను కలుపుకున్నాక తీర్పులు చెప్పే అధికారం పోయింది. ఇనాం భూములు కొన్నాళ్లుండి అవీ పోయాయి. మా తాత కాలానికి నిఖా రిజిస్టరు ఒక్కటే మిగిలింది. మా నాయన కాలానికి అదీ వేరే ఇంటికి వెళ్లింది. నాకు మిగిలింది ఇంటిపేరు వెనకాల 'ఖాజీ' అన్న మాట, నిటారుగా నిలబడే అలవాటు.

ఈ అలవాటును గురించి నా విద్యార్థులు నవ్వుకునేవారని నాకు తెలుసు. నేను బెంచీ మీద ఆనుకుని కూర్చోగా ఎవరూ చూడలేదు. ఇప్పుడు పదవీ విరమణ చేసి ఎన్నో ఏళ్లయింది కాబట్టి ఒక సంగతి చెబుతాను. చదువుకుంటున్న మీకు పనికొస్తుందనే చెబుతున్నాను. ఇందులో నా గొప్ప ఏమీ లేదు.

కర్నూలు ఆంధ్ర రాష్ట్రానికి రాజధానిగా ఉన్న రోజులవి. ఊరంతా డేరాలు, ఆఫీసులు, కొత్త ముఖాలు. నేను అక్కడి కళాశాలలో బి.ఏ. పిల్లలకు ఇస్లామీ ధర్మశాస్త్రం, అంటే ఫిఖ్, మొదటి పాఠాలు చెప్పేవాణ్ణి. తరగతిలో ఇరవైమంది లోపే ఉండేవారు. సగంమంది తెలుగులోనే ఆలోచించే పిల్లలు. అందుకని ఉర్దూలో మొదలుపెట్టి తెలుగులోకి దిగేవాణ్ణి.

మొదటి వారం ఏ అధ్యాపకుడైనా నాలుగు మూలాలు చెబుతాడు. ఒకటి ఖురాను. రెండోది ప్రవక్త చెప్పినదీ, చేసినదీ, అంటే సున్నత్. మూడోది పండితులందరూ ఒక మాట మీదకు రావడం, దాన్ని ఇజ్మా అంటారు. నాలుగోది ఖియాస్. మూలంలో నేరుగా లేని సంగతి ఎదురైతే, ఉన్నదాని కారణం ఏమిటో పట్టుకుని, అదే కారణం కొత్తదానిలో కనిపిస్తే అదే తీర్పును దానికీ చెప్పడం ఖియాస్. ద్రాక్షసారా నిషేధం కదా, ఎందువల్ల నిషేధం అని అడిగితే మత్తు వల్ల అని చెబుతాం. మరి మన ఊరి ఈతకల్లు?

"సార్, పొద్దున్నే దించిన కల్లులో మత్తుండదంట. దాన్ని తాగొచ్చునా?" అని వెనక బెంచీలోంచి ఒకడు అడిగాడు.

"నీకెట్ల తెలుసురా మత్తుండదని?"

"మా మామ చెప్తాడు సార్."

"మీ మామ సాయంత్రం కూడా అదే మాట చెప్తాడా?"

తరగతి నవ్వింది. కారణం ఉంటే తీర్పు ఉంటుంది, కారణం పోతే తీర్పూ పోతుందని వాళ్లకు ఆ రోజు అర్థమైంది. పులియని నీరాకూ పులిసిన కల్లుకూ తేడా పేరులో లేదు, కారణంలో ఉంది.

రెండో వారం అసలు కష్టమైన ప్రశ్న వస్తుంది. మూలాలు ఒకటే అయినప్పుడు హనఫీలు, షాఫయీలు, మాలికీలు, హంబలీలు అని నాలుగు మార్గాలు ఎందుకు? దీనికి నేను ప్రతి ఏటా ఒకే ఉదాహరణ తీసుకునేవాణ్ణి. పాల బంధం.

బిడ్డకు పాలిచ్చిన స్త్రీ ఆ బిడ్డకు తల్లితో సమానం. ఆమె పాలు తాగిన వాళ్లందరూ ఒకరికొకరు తోబుట్టువులు. వాళ్ల మధ్య పెళ్లి కుదరదు. ఇంతవరకు అందరిదీ ఒకే మాట. ఎన్నిసార్లు తాగితే ఈ బంధం ఏర్పడుతుంది? ఖురానులో లెక్క లేదు, పాలిచ్చిన తల్లులు అని మాత్రమే ఉంది. ఐదుసార్లు తాగితేనే అన్న వృత్తాంతం ప్రవక్త భార్య ఒకరి ద్వారా వచ్చింది. షాఫయీలు దాన్ని తీసుకున్నారు. నమ్మకమైన మనిషి చెప్పిన వృత్తాంతం ఒక్కటైనా సరే, అది ఖురాను మాటను వివరించవచ్చునని వాళ్ల పద్ధతి. హనఫీలు ఒప్పుకోలేదు. ఖురాను షరతు లేకుండా చెప్పినదానికి షరతు తగిలించాలంటే ఒకరిద్దరి ద్వారా వచ్చిన వృత్తాంతం చాలదు, తరతరానికీ పెద్ద సంఖ్యలో జనం చెప్పినది కావాలి అన్నారు. కాబట్టి పాలు తాగే వయసులో ఉన్న బిడ్డ కడుపులోకి ఒక్కసారి పాలు దిగినా హనఫీల లెక్కన బంధం ఏర్పడినట్టే. ఇద్దరూ ఆ వృత్తాంతాన్ని చదివినవాళ్లే, ఇద్దరూ ఖురానును ఒకేలా గౌరవించేవాళ్లే. ఏ సాక్ష్యానికి ఎంత బరువు అన్నదగ్గర విడిపోయారు.

ఆ ఏడాది ఈ పాఠం అయ్యాక కడప నుంచి వచ్చి చదువుతున్న కుర్రవాడు ఒకడు నా వెనకే వరండాలోకి వచ్చాడు. దూదేకుల ఇంటివాడు. బాగా చదివేవాడు, తక్కువ మాట్లాడేవాడు.

"సార్, ఒక ఆమె ఒక మగబిడ్డకు పాలిచ్చింది. నాలుగేండ్లకు ఒక ఆడబిడ్డకు ఒక్కసారంటే ఒక్కసారి ఇచ్చింది. వాళ్లకు పెండ్లి కుదురుతుందా?"

"ఇప్పుడే కదా చెప్పాను? వాళ్లు హనఫీలేనా?"

"మావోళ్లందరూ హనఫీలే సార్."

"అయితే కుదరదు."

"కొంచెం రాసిస్తారా సార్?"

పరీక్ష కోసమనుకున్నాను. అలాగని అబద్ధం చెప్పుకోవడం ఎందుకు, పరీక్ష కోసం ఎవరూ రాసివ్వమని అడగరు. ఎవరో పెద్దలు మా ఇంటి మాట కోసం పంపారని లోలోపల అనిపించింది. ఆ ఆలోచన నాకు నచ్చింది. మా నాయన పోయాక మా ఇంటికి ప్రశ్న రాసుకుని వచ్చినవారు లేరు. స్టాఫ్ రూములో కూర్చుని మంచి కాగితం తీసుకుని, మంచి దస్తూరీతో ఉర్దూలో నాలుగు పంక్తులు రాశాను. ఆ ఇద్దరూ పాల తోబుట్టువులు, వాళ్ల నిఖా చెల్లదు, విడిపోవడం తప్పనిసరి. కింద నా పేరు, నా తండ్రి పేరు, తాత పేరు, 'కర్నూలు ఖాజీల వంశం' అని రాశాను.

పది పన్నెండు రోజుల తర్వాత ఒక మంగళవారం ఉదయం, స్టాఫ్ రూము గుమ్మంలో ఒక మనిషి నిలబడ్డాడు. గడ్డం నెరిసింది, చేతుల వెంట్రుకల్లో దూది నూగు పట్టుకుని ఉంది. దూది ఏకే పనిలోంచి లేచి నేరుగా బస్సెక్కి వచ్చినట్టున్నాడు. చొక్కా జేబులోంచి నా కాగితాన్ని తీశాడు.

"ఈ కాయితం మీదేనా సామీ?"

"నాదే."

"ఇందులో ఉండేది నా కూతురే."

కూర్చోమన్నాను. కూర్చోలేదు. నిలబడే చెప్పాడు. కూతురికి పోయినేడు పెళ్లయింది. అల్లుడు కడపలో దర్జీ పని చేస్తాడు, నా విద్యార్థికి సొంత అన్న. ఆ పిల్లకు ఇప్పుడు ఏడో నెల. ఏడో నెల వేడుకకు ఇరుగుపొరుగు ఆడవాళ్లు వచ్చారు. వాళ్లలో ఒక ముసలామె, ఒకప్పుడు ఆ వీధిలో ఇద్దరికీ పొరుగున ఉన్నామె, పిల్ల బుగ్గలు పుణికి, "ఓయమ్మా, మొగుడూ పెండ్లామూ ఇద్దరూ నా పాలు తాగినోళ్లే కదే!" అని ముద్దుగా అంది. ఆడవాళ్లందరూ నవ్వారు. పక్కనే ఉన్న నా విద్యార్థి నవ్వలేదు. సెలవు ముగిసి వచ్చి నన్ను అడిగాడు. నేను రాసిచ్చాను. వాడు మళ్లీ కడపకు పోయి నా కాగితాన్ని ఇంట్లో చదివి వినిపించాడు.

"మా అల్లుడు విన్యాడు. అట్లే కుర్చీలో కూలబడినాడు. 'అయితే ఆమె నాకు చెల్లెలు' అన్యాడు. అదే పోవడం ఇంట్లోంచి. మసీదు పక్క గదిలో పండుకుంటాండాడు. నా బిడ్డ నా ఇంటికొచ్చి గోడకు మొగం పెట్టుకోని కూచోని ఉండాది. శుక్రవారం నమాజు అయినాంక జమాతు పెద్దలు వాణ్ణి పిలిచి మళ్లా అడుగుతారంట. అదే మాట చెప్తే పెండ్లి తెగ్గొట్టేస్తారు." గొంతు తగ్గించి అడిగాడు. "పుట్టబోయే బిడ్డ ఎవురి బిడ్డ అయితాది సామీ?"

దీనికి మాత్రం నాకు వెంటనే జవాబు ఉంది. నిఖా చెల్లదని తేలినా, తెలియక మంచిమనసుతో చేసుకున్న పెళ్లిలో పుట్టే బిడ్డకు తండ్రి తండ్రే. వంశం పోదు, వారసత్వం పోదు. అందులో ఏ మార్గం వారికీ భేదం లేదు. ఆ మాట చెప్పాను. ఆయన ముఖంలో కొంత తెరిపి వచ్చింది. అయితే కాగితాన్ని మాత్రం నా చేతికివ్వకుండా మళ్లీ జేబులో పెట్టుకున్నాడు.

గుమ్మం దగ్గర మా లెక్కల లెక్చరర్ నిలబడి ఇదంతా విన్నాడు. దక్షిణాది సముద్రతీరం నుంచి వచ్చినవాడు, షాఫయీ. నమాజులో మేము లోలోపల అనుకునే ఆమీన్‌ను గట్టిగా అంటాడని మా వాళ్లు వెనక్కి తిరిగి చూసేవారు, ఆయన ఇంకొంచెం గట్టిగా అనేవాడు. ఆ పెద్దమనిషి వరండాలోకి వెళ్లాక నేనే ఆయన్ని అడిగాను.

"మీ మార్గంలో ఐదుసార్లు కదా. ఆ లెక్కన ఈ పెళ్లికి ఢోకా లేదు. ఈ ఒక్క సంగతికి వాళ్లను మీ మాట మీద నడవమంటే?"

"బాగుందయ్యా. మీ ఇంట్లో కప్పు కారితే మా ఇంట్లోకి వస్తావు. వాన నిలిస్తే మళ్లీ పోతావు. అంతేనా?"

"కనిపించకుండా పోయిన మొగుడి విషయంలో మా హనఫీ పెద్దలే మాలికీల మాట తీసుకున్నారు కదా? ఆడకూతుళ్లు ముసలివాళ్లయ్యేదాకా ఎదురుచూడలేరని."

"తీసుకున్నారు. ఎందరో కూర్చుని, ఏళ్ల తరబడి చర్చించి, దేశంలోని ఆడవాళ్లందరి కష్టం చూసి తీసుకున్నారు. నువ్వొక్కడివి, మంగళవారం పూట, నీ తప్పు కప్పిపుచ్చుకోవడానికి తీసుకుంటావా?"

"నా తప్పు ఏమిటి? హనఫీ మాట ఉన్నదున్నట్టు రాశాను."

ఆయన వరండాలోకి పోయి, ఆ పెద్దమనిషిని బతిమాలి కాగితం తెచ్చాడు. రెండుసార్లు చదివాడు. తర్వాత నా ముందు పెట్టి ఖాళీగా ఉన్న పైభాగాన్ని వేలితో తట్టాడు.

"షరతు ఏదయ్యా?"

కాగితాన్ని పైనుంచి కిందిదాకా మళ్లీ చదివాను. షరతు లేదు.

మీకు ఇది తెలియదు కాబట్టి చెబుతాను. ఫత్వా రాసేవారు ఎవరైనా మొదట మూడు మాటలు రాస్తారు, 'బషర్తె సెహతె సవాల్' అని. అడిగిన సంగతి నిజమే అయితే అని అర్థం. ఫత్వా ఇచ్చే ముఫ్తీ ఎవరినీ విచారించడు. నీవు చెప్పింది జరిగి ఉంటే దాని తీర్పు ఇది అంటాడు, అంతవరకే. అసలు జరిగిందా లేదా అని సాక్షులను పిలిచి, ఇరువైపులా విని తేల్చేది ఖాజీ. ఒకరిది సూత్రం, ఇంకొకరిది సాక్ష్యం. రెండూ కలిస్తేనే తీర్పు. నేను సూత్రం రాసి, షరతు వదిలి, విడిపోవడం తప్పనిసరి అని ఖాజీలా ముగించాను. సాక్షులు లేరు, విచారణ లేదు. అందులోనూ ఆ పాఠాన్ని మూడో వారంలో నేనే పిల్లలకు చెప్పేవాణ్ణి. కాగితాన్ని ఆ పెద్దమనిషికే తిరిగి ఇచ్చేశాను.

ఆ సాయంత్రం ఇంట్లో మా అన్నగారికి చెప్పాను. కడపకు వెళ్తానన్నాను. ఆయన హుక్కా పక్కన పెట్టాడు. మేము ఇంట్లో ఉర్దూలో మాట్లాడుకుంటాం, ఆయన అన్నది తెలుగులో ఇది.

"వెళ్లి ఏం చేస్తావు?"

"కాగితంలో తప్పుందని చెబుతాను."

"దూదేకుల వాళ్ల మసీదులోనా? నలుగురిలోనా?"

"శుక్రవారం, నలుగురిలోనే, భాయిజాన్."

"మన ఇంటి నుంచి పోయిన మాట ఇంతవరకు వెనక్కి రాలేదు. భూములు పోయినా అదొక్కటి ఉంది."

"ఏడో నెల పిల్ల గోడకు ముఖం పెట్టుకుని కూర్చుంది."

"ఉత్తరం రాయి. పెద్దలు చూసుకుంటారు. నువ్వు పోయి నిలబడితే ఆ రోజు నుంచి మనం ఖాజీల ఇంటివాళ్లం కాము. అది గుర్తుపెట్టుకుని పో."

శుక్రవారం తెల్లవారుజాము బస్సుకు బయలుదేరాను. నంద్యాల, ఆళ్లగడ్డ దాటేసరికి ఎండ ఎక్కింది. మైదుకూరు దగ్గర రేడియేటరు కాగి, డ్రైవరు నీళ్ల కోసం బకెట్టు పట్టుకుని పోయాడు. జనమంతా దిగి తుమ్మచెట్ల నీడకు పోయారు. నేను బస్సులోనే కూర్చుని గడియారం చూసుకుంటూ ఉన్నాను. దారి పొడుగునా ఒకటే లెక్క. అల్లుడు ఆ మాట ఒకసారి అన్నాడు. మళ్లీ అనకముందే నేను చేరాలి.

ఎందుకంటే హనఫీ శాస్త్రంలో ఇక్కడ ఒక సున్నితమైన మెలిక ఉంది. భర్త తానే 'ఈమె నా పాలచెల్లెలు' అని ఒప్పుకుంటే వేరే సాక్షులు అక్కరలేదు. ఖియాస్ ప్రకారం చూస్తే, ఒప్పుకున్నవాడు తర్వాత మాట మార్చుకుంటే చెల్లకూడదు. అప్పు ఒప్పుకున్నవాడు మర్నాడు కాదంటే ఎవరు వింటారు? కానీ పెద్దలు ఇక్కడ ఖియాస్‌ను పక్కన పెట్టారు. పసిబిడ్డగా తాను ఎవరి పాలు తాగాడో ఎవడికీ స్వయంగా తెలియదు. ఇతరులు చెబితేనే తెలుస్తుంది, ఇతరులు పొరబడవచ్చు. కాబట్టి 'పొరపాటున అన్నాను' అంటే ఒప్పుకుని పెళ్లిని నిలబెట్టాలన్నారు. పైకి కనిపించే పోలికను విడిచి లోపలి బలమైన కారణాన్ని పట్టుకునే ఈ పద్ధతిని ఇస్తెహ్సాన్ అంటారు. షాఫయీలు దీన్ని మూలంగా ఒప్పుకోరు, మనసుకు నచ్చింది చెప్పడమేనని ఎత్తిపొడుస్తారు. ఆ ఎత్తిపొడుపు నేనూ ఎన్నోసార్లు విన్నాను. ఆ రోజు నాకు దిక్కు అదే. అయితే అతను మాట మీద పట్టుబట్టి, 'నేనన్నది నిజమే' అంటే ఇస్తెహ్సాన్ కూడా కాపాడదు.

మసీదు చేరేసరికి నమాజు ముగిసి జనం వరండాలో కూర్చుంటున్నారు. పిల్ల తండ్రి నన్ను చూసి లేచి నిలబడ్డాడు. పక్కింటి తడిక వెనక ఆడవాళ్లున్నారు, గాజుల చప్పుడు వినిపిస్తోంది. నా విద్యార్థి ఒక స్తంభం చాటున నిలబడ్డాడు, నా కళ్లలోకి చూడలేదు. అల్లుడు మధ్యలో తలవంచుకుని ఉన్నాడు. ఇరవై రెండేళ్లుంటాయేమో. వేలికి ఇంకా సూది గుచ్చుకోకుండా దర్జీలు తొడుక్కునే అంగుస్తానా ఉంది, తీయడం మరిచిపోయినట్టున్నాడు.

పెద్దల్లో ఒకాయన, పొడుగాటి మనిషి, నన్ను ఎగాదిగా చూశాడు.

"కర్నూలు ఖాజీ సాబు మీరేనా? కాయితం శానా బాగా రాసినారు. ఇంక మీతో పనేముంది?"

నిటారుగా నిలబడ్డాను. ఆ రోజు అది సులభంగా లేదు.

"ఆ కాగితంలో తప్పుంది. విచారణ లేకుండా తీర్పు రాశాను. అడిగింది నిజమే అయితే అన్న మాట రాయలేదు. తప్పు ఈ కుర్రవాడిది కాదు, నాది."

పొడుగాటాయన మీసం దువ్వుకున్నాడు.

"అట్లయితే నీవు ఖాజీవి కాదా అప్పా?"

'మీరు' పోయి 'నీవు' వచ్చింది. మా ఇంటివారిని ఎవరైనా అలా పిలవడం నేను వినడం అదే మొదలు.

"కాదు. సర్కారిచ్చిన అధికారం మా ఇంట్లో ఎవరికీ లేదు. రెండు పక్షాలూ ఒప్పుకుంటే మధ్యవర్తిగా అడుగుతాను. ఒప్పుకోకపోతే ఇప్పుడే పోతాను."

పిల్ల తండ్రి ఒప్పుకున్నాడు. అల్లుడూ తల ఊపాడు. పెద్దలు తమలో తాము గుసగుసలాడుకుని సరేనన్నారు.

ముసలామెను తడిక దగ్గరికి పిలిపించాను. రాగానే ఆమె నా మీద విరుచుకుపడింది.

"నేనేమన్నా దొంగతనం చేసినానా? ఇద్దరు బిడ్డలకు రొమ్మిచ్చినా. అది తప్పా?"

"తప్పు కాదవ్వా, పుణ్యం. జరిగింది జరిగినట్టు చెప్పు. మగబిడ్డకు ఎన్నాళ్లిచ్చావు?"

"వాళ్లమ్మకు రొమ్ము పుండయితే మూన్నెల్లిచ్చినా. నా కొడుకొక పక్క, వీడొక పక్క. వీడే ఎక్కువ తాగుతాండె, తిండిపోతు."

ఎవరో నవ్వబోయి ఆపుకున్నారు. తిండిపోతు తల ఇంకా దించుకున్నాడు.

"ఆడబిడ్డకు?"

"అది నాలుగేండ్ల తర్వాత కదా. కరువు. ఈ పిల్ల తల్లి జరంతో ఒళ్లు తెలీకుండా పడుండాది. బిడ్డ గుక్క పట్టి ఏడుస్తాండాది. నేను ఎత్తుకోని రొమ్ము నోట్లో పెట్టినా. ఏడుపు మానింది."

"అప్పుడు నీకు పాలుండెనా?"

ఆమె పైటకొంగును వేలికి చుట్టుకుంది.

"నీ చిన్నబిడ్డకు అప్పుడెంత వయసు?"

"మూడో ఏడు నడుస్తాండె. మాన్పించి శానా నెలలయింది." ఆమె గొంతు మారింది. "గంజి తాగి బతికినాం నాయనా ఆ ఏడు. పాలుండెనో లేదో అల్లాకే తెలుసు. బిడ్డ చప్పరించింది, నిద్రపోయింది. అంతే."

"ఎవరైనా చూశారా?"

"తల్లి చూసుండాల. ఒళ్లు తెలీదు. ఇప్పుడు లోకంలోనే లేదు."

నేను పెద్దల వైపు తిరిగాను. హనఫీ శాస్త్రం మోతాదు దగ్గర ఎంత గట్టిగా ఉంటుందో రుజువు దగ్గరా అంతే గట్టిగా ఉంటుందని చెప్పాను. చుక్క చాలంటుంది, కానీ ఆ చుక్క కడుపులోకి దిగిందని ఇద్దరు మగవాళ్లో, ఒక మగవాడూ ఇద్దరు ఆడవాళ్లో చెప్పాలంటుంది. రొమ్ము నోట్లో పెట్టినంత మాత్రాన పాలు దిగాయని కాదు. అనుమానం మీద బంధం పుట్టదు, అనుమానం మీద ఉన్న పెళ్లి పోదు. ఇక్కడ సాక్షి ఒక్కరే, ఆమెకూ ఖచ్చితంగా తెలియదు.

"బాగానే చెప్తాండావు గానీ," అన్నాడు పొడుగాటాయన, "వాడు తన నోటితో చెల్లెలన్యాడే. దానికేమంటావు?"

భయపడిన ప్రశ్న అదే. అల్లుడి ముందుకు వెళ్లి కూర్చున్నాను. ఏమనాలో అతనికి నేను అందించకూడదు. మధ్యవర్తి జవాబు నేర్పితే అది విచారణ కాదు.

"ఆ రోజు ఒక మాట అన్నావు. ఇప్పుడు ఏమంటావు?"

అతను అంగుస్తానాను తిప్పుతూ కూర్చున్నాడు. అప్పుడు తడిక వెనక నుంచి ఒక చిన్న గొంతు వినిపించింది. ఏడ్చిన గొంతు కాదు.

"అందరినీ అడుగుతాండారు. నన్ను ఒక్కరన్నా అడిగినారా? చెల్లెలయితే చెల్లెలని నా మొగం చూసి చెప్పమనండి. కాయితం చూసి కాదు."

అల్లుడు తల ఎత్తాడు.

"కాయితం చూసే అన్యాను సార్," అన్నాడు. "ఖాజీల ఇంటి కాయితం, తప్పుంటాదా అనుకున్యాను. నాకేం తెలుసు? పొరపాటుగా అన్యాను. ఆమె నా పెండ్లామే."

వరండాలో జనం కదిలారు. పిల్ల తండ్రి రెండు చేతులతో ముఖం కప్పుకున్నాడు. అక్కడికి ఆపేసి లేచిపోవచ్చు. శాస్త్రం ప్రకారం పని అయిపోయింది. కానీ ఒకసారి మూడు మాటలు వదిలేసినవాణ్ణి. ఇంకో సంగతి నాకు తెలుసు, అది చెబితే ఇప్పుడు నిలిచింది మళ్లీ కూలవచ్చు. చెప్పకపోతే, రేపు ఎవరో చెబితే, ఆ ఇద్దరూ జీవితమంతా కుమిలిపోతారు.

"ఇంకొకటి వినండి," అన్నాను. "ప్రవక్త కాలంలో ఒకతను పెళ్లి చేసుకున్నాక ఒక స్త్రీ వచ్చి, మీ ఇద్దరికీ నేను పాలిచ్చానంది. ఆమె ఒక్కతే. ప్రవక్త అతన్ని, ఇలా అన్నాక ఆమెతో ఎలా ఉంటావని అడిగారు. అతను విడిచిపెట్టాడు. హంబలీలు దీన్ని తీర్పుగా తీసుకున్నారు, ఒక్క ఆడమనిషి మాటా చాలన్నారు. మన హనఫీలు జాగ్రత్త కోసం ఇచ్చిన సలహాగా తీసుకున్నారు, బలవంతం లేదన్నారు. కాబట్టి మిమ్మల్ని విడదీసే హక్కు ఇక్కడ ఎవరికీ లేదు. కానీ ఆమె మాట నిజమని మీ మనసు నమ్మితే దూరంగా ఉండడం మేలన్న మాట కూడా మన పుస్తకాల్లోనే ఉంది. అది మీ ఇద్దరి పని. నాది కాదు, జమాతుది కాదు."

పిల్ల తండ్రి నన్ను చూసిన చూపు ఇప్పటికీ గుర్తుంది. గెలిచినదాన్ని నేనే లాక్కున్నట్టు చూశాడు.

అల్లుడు లేచి తడిక దగ్గరికి పోయాడు.

"అవ్వా. పాలు దిగినాయని నీ నోటితో చెప్పగలవా?"

"చెప్పలేను నాయనా."

"దిగలేదని?"

"అదీ చెప్పలేను."

అతను తడికను పక్కకు జరిపి లోపలికి పోయాడు. లోపల ఏం మాట్లాడుకున్నారో మాకు వినిపించలేదు. కాసేపటికి ఇద్దరూ వెనక గుమ్మం గుండా వీధిలోకి వచ్చి, ఎవరినీ చూడకుండా, దర్జీ అంగడి ఉన్న సందులోకి తిరిగారు. ఆమె మెల్లగా నడుస్తోంది, అతను ఆమె నడకకు తగ్గట్టు నడుస్తున్నాడు.

పిల్ల తండ్రి జేబులోంచి కాగితం తీసి నా చేతికిచ్చాడు. చించేస్తానన్నాను. "వద్దులే, పెట్టుకోండి సామీ," అన్నాడు. అందులో ఎగతాళి ఉందేమోనని నేను చాలాకాలం ఆలోచించాను. ఉన్నా తప్పు లేదు.

మరుసటి సోమవారం ఆ కాగితాన్ని తరగతికి తీసుకుపోయి నల్లబల్ల మీద పిన్నుతో గుచ్చాను. ఇందులో ఏది లేదో చెప్పమన్నాను. మొదట చెప్పినవాడు కల్లు గురించి అడిగిన కుర్రవాడే. కడప కుర్రవాడు మాత్రం ఆ ఏడాదంతా మొదటి బెంచీలో కూర్చున్నా నన్ను ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. వాడి నోరు నేనే మూయించానని నాకు తెలుసు. ఏ ప్రశ్న అడిగితే ఏ ఇల్లు కూలుతుందోనని వాడు భయపడ్డాడు. ఆ భయం పోగొట్టడం నాకు చేతకాలేదు.

బిడ్డ పుట్టిందని, ఆడపిల్ల అని, లెక్కల లెక్చరర్ ద్వారా తెలిసింది. ఆ దంపతులు తర్వాత కూడా కడపలోనే ఉన్నారు. ముసలామె వాళ్లింటికి మళ్లీ పోలేదంటారు. కొందరు పోయిందంటారు.

నేను కడపలో అన్న మాట నాకన్నా ముందు కర్నూలు చేరింది. పాతబస్తీలో మా అన్నగారికి సలాం చేసేవాళ్లు తగ్గారు, లేక ఆయనకు అలా అనిపించింది. ఆయన నాతో మాటలు మానేశాడు. మూడు నెలలకు పెద్దమనుషులను పిలిపించి ఇల్లు పంచమన్నాడు. నేను ఎదురు చెప్పలేదు. షరియతు ప్రకారం అన్నదమ్ములకు సమాన వాటాలు, అక్కచెల్లెళ్లకు అందులో సగం. ఈ ఒక్క లెక్కలో మా ఇద్దరికీ భేదాభిప్రాయం రాలేదు. హంద్రీ నది వైపున్న గుర్రపుసాల నా వాటాకు వచ్చింది. గుర్రాలు లేక అప్పటికే అరవై ఏళ్లు. మరుసటి వేసవిలో దాన్ని వేరుశనగ వ్యాపారి ఒకాయనకు అమ్మాను. ఆయన మేతతొట్లు పగలగొట్టించి నూనె మిల్లు పెట్టాడు.